ఆగని కెమెరా, ఆగే యూఎస్‌బీ: మధ్యలో ఎంత ఫైఫో?

బొమ్మ పైభాగం శుభ్రంగా వస్తుంది. సగం దాటాక, ఏదో ఒక వరస మధ్యలో రంగులు ఉన్నట్టుండి తిరగబడతాయి. అక్కడి నుంచి మనిషి ముఖం ఆకుపచ్చగా, తెల్ల గోడ ఊదారంగుగా కనిపిస్తుంది. తర్వాతి ఫ్రేమ్ మళ్లీ బాగానే ఉంటుంది. కాసేపటికి ఇంకో ఫ్రేమ్‌లో ఇంకోచోట అదే గొడవ. ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టుల్లో కెమెరాని ఎఫ్‌పీజీఏకి తగిలించినవాళ్లలో చాలామంది ఈ బొమ్మని చూసే ఉంటారు. ముందు కెమెరాని అనుమానిస్తారు, తర్వాత వైర్లు మారుస్తారు. చాలాసార్లు తప్పు ఆ రెండింటిలోనూ ఉండదు. కెమెరాకీ కంప్యూటర్‌కీ మధ్య ఎక్కడో ఒక్క బైటు జారిపోయి ఉంటుంది.

ఒక్క బైటుకి ఇంత రభస ఎందుకంటే, ఆర్‌జీబీ565 అనే పద్ధతిలో ఒక్కో చుక్క రంగుని రెండు బైట్లలో పంపుతారు. మధ్యలో ఒకటి పోతే, ఆ తర్వాత వచ్చే ప్రతి బైటూ తన జోడీని వదిలేసి పక్క చుక్క బైటుతో జతకడుతుంది. ఫ్రేమ్ పూర్తయ్యేదాకా రంగులన్నీ తారుమారు. పోయినవి సరిసంఖ్యలో ఉంటే రంగులు నిలుస్తాయి కానీ బొమ్మ ఎడమవైపుకి జరిగిపోతుంది. కాబట్టి ఏం పోయిందో సగం సంగతి తెర మీదే తెలుస్తుంది.

ఆ బైటు పోకుండా చూసే బాధ్యత ఫైఫోది. ముందు వచ్చినదాన్ని ముందే బయటికి పంపే వరస ఇది. దాన్ని ఎఫ్‌పీజీఏలో ఎలా రాయాలి, ఎంత లోతు ఇవ్వాలి అన్నది ఒక అసలు ఉదాహరణ పట్టుకుని చూద్దాం. ఒకవైపు ఓవీ7670 అనే చవక కెమెరా, మధ్యలో ఆర్టిక్స్-7 కుటుంబంలోని `xc7a35t` చిప్పు, అటువైపు కంప్యూటర్‌కి దారి చూపే ఎఫ్‌టీ232హెచ్ అనే యూఎస్‌బీ చిప్పు.

మాట వినని కెమెరా

ఈ కెమెరా సెకనుకి 30 ఫ్రేములు పంపుతుంది. ఒక్కో ఫ్రేమ్‌లో 480 వరసలు, వరసకి 640 చుక్కలు, అంటే వరసకి 1,280 బైట్లు. 24 మెగాహెర్ట్జ్ క్లాక్ మీద, ఒక్కో క్లాక్‌కి ఒక బైటు చొప్పున బయటికి తోస్తుంది. మైక్రోసెకనుకి 24 బైట్లు అనుకుంటే లెక్కలు తేలిక. వరసలోని బైట్లన్నీ రావడానికి 53.3 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ తర్వాత 288 క్లాక్‌లు, అంటే 12 మైక్రోసెకన్లు ఖాళీ. మళ్లీ తర్వాతి వరస. అలా 480 వరసలు అయ్యాక మరో 30 వరసల కాలం ఏమీ రాదు. అది దాదాపు 2 మిల్లీసెకన్ల విరామం.

అంటే రాక ఒకే తీరుగా ఉండదు. వస్తే జోరుగా వస్తుంది, లేకపోతే అసలు రాదు. పైగా ఈ కెమెరాకి "కాస్త ఆగు" అని చెప్పే తీగ లేదు. మనం పట్టుకున్నా పట్టుకోకపోయినా తర్వాతి క్లాక్‌కి తర్వాతి బైటు వచ్చేస్తుంది. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

అటువైపు యూఎస్‌బీ చిప్పుది వేరే స్వభావం. సింక్రనస్ ఫైఫో పద్ధతిలో అది 60 మెగాహెర్ట్జ్ క్లాక్ ఇస్తుంది, సెకనుకి 40 మెగాబైట్ల దాకా తీసుకోగలదు. కానీ తీసుకోవడమా మానడమా అన్నది కంప్యూటర్ చేతిలో ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ వేరే పనిలో పడితే యూఎస్‌బీ చిప్పు లోపలి బఫర్ నిండిపోతుంది. ఆ బఫర్ ఒక కిలోబైటే, మన కెమెరా వేగానికి ఒక వరస కూడా పట్టదు. నిండగానే అది `TXE#` అనే తీగని పైకెత్తి "ఇక చాలు" అంటుంది. ఎంతసేపు ఎత్తి ఉంచుతుందో ముందుగా చెప్పలేం.

మొత్తం ఫ్రేమ్‌ని ఎఫ్‌పీజీఏలోనే దాచుకుని తీరిగ్గా పంపితే పోదా? ఒక ఫ్రేమ్ 6,14,400 బైట్లు, అంటే 600 కిలోబైట్లు. ఈ చిప్పులో ఒక్కోటి 36 కిలోబిట్ల చొప్పున 50 బ్లాక్ ర్యామ్‌లు ఉంటాయి. అన్నీ కలిపినా 225 కిలోబైట్లే. ఫ్రేమ్‌లో సగం కూడా పట్టదు. కాబట్టి ఎంత అవసరమో అంతే పెట్టుకోవాలి, అది ఎంతో లెక్క కట్టాలి.

మెమరీ అని టూల్‌కి ఎలా తెలుస్తుంది

ఎఫ్‌పీజీఏ లోపల వేల చిన్న లాజిక్ గదులు, వాటిని కలిపే తీగలు, వాటి మధ్య అక్కడక్కడా నిలువు వరసల్లో ఈ బ్లాక్ ర్యామ్‌లు ఉంటాయి. వెరిలాగ్‌లో మనం రాసేది సర్క్యూట్ ఎలా నడవాలన్న వర్ణన. దాన్ని సింథసిస్ టూల్ చదివి "ఇది బ్లాక్ ర్యామ్‌తో చేయదగ్గ పని" అని తనంతట తానే పోల్చుకుంటే, మెమరీ ఇన్‌ఫర్ అయింది అంటారు. పోల్చుకోలేకపోతే అదే పనిని మామూలు లాజిక్ గదులతో కట్టేస్తుంది. ఫలితం రెండు చోట్లా ఒకటే, ఖర్చు మాత్రం ఎక్కడా పొంతన ఉండదు.

టూల్ పోల్చుకోవాలంటే మన రాత ఆ హార్డ్‌వేర్ చేయగలిగినదాన్నే అడగాలి. బ్లాక్ ర్యామ్‌లో రాయడమే కాదు, చదవడం కూడా క్లాక్ అంచు మీదే జరుగుతుంది. అడ్రస్ ఇస్తే, క్లాక్ వచ్చాకే డేటా బయటికొస్తుంది. కాబట్టి రాత ఇలా ఉండాలి:

```verilog
(* ram_style = "block" *)
reg [7:0] mem [0:65535];

always @(posedge wclk)
  if (we) mem[waddr] <= din;

always @(posedge rclk)
  if (re) dout <= mem[raddr];
```

రెండు `always` ముక్కలకి రెండు వేర్వేరు క్లాక్‌లు. రాసే వైపు కెమెరా క్లాక్, చదివే వైపు యూఎస్‌బీ క్లాక్. బ్లాక్ ర్యామ్‌కి సహజంగానే రెండు ద్వారాలు ఉంటాయి కాబట్టి ఇది దానికి అతికినట్టు సరిపోతుంది. మొదటి పంక్తిలోని `ram_style` అనేది టూల్‌కి మన అభిమతం చెప్పడమే. కింది రాత కుదరకపోతే ఆ పంక్తి ఒక్కటే కాపాడలేదు.

ఎక్కడ చెడుతుందో చూద్దాం. చివరి రెండు పంక్తుల బదులు `assign dout = mem[raddr];` అని రాస్తే, అడ్రస్ మారిన క్షణమే, క్లాక్‌తో పని లేకుండా డేటా కావాలని అడిగినట్టు. బ్లాక్ ర్యామ్ అది ఇవ్వలేదు. ఎల్‌యూటీ అనే చిన్న లాజిక్ గది ఇవ్వగలదు, ఒక్కోదానిలో 64 బిట్లు పడతాయి. కానీ మన మెమరీ 65,536 బైట్లు, అంటే 5,24,288 బిట్లు. 64తో భాగిస్తే 8,192 గదులు. చిప్పులో ఉన్నవే 20,800, వాటిలోనూ మెమరీగా వాడుకోదగ్గవి కొన్నే. ఒకచోట రాస్తూ ఇంకోచోట చదవాలంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది. సిమ్యులేషన్‌లో మాత్రం అంతా సవ్యంగా కనిపిస్తుంది. పైగా డేటా ఒక క్లాక్ ముందే వస్తుంది కాబట్టి ఇదే బాగుందనిపిస్తుంది కూడా.

రెండో తప్పు ఇంకా మామూలు. రీసెట్ నొక్కగానే అన్నీ సున్నా అవ్వాలన్న మంచి అలవాటుతో `mem` లోని గదులన్నిటినీ ఒక లూప్‌లో సున్నా చేస్తారు. ఒకే క్లాక్‌లో 65,536 గదుల్ని తుడిచే తీగ బ్లాక్ ర్యామ్‌లో లేదు. చిప్పు ఆన్ అయ్యేటప్పుడు మొదటి విలువలు ఇవ్వొచ్చు, నడిచేటప్పుడు మొత్తాన్ని తుడవలేం. అయినా అడిగితే టూల్ ఒక్కో బిట్టుకి ఒక్కో ఫ్లిప్‌ఫ్లాప్ పెట్టడానికి చూస్తుంది. కావలసినవి 5 లక్షల పైచిలుకు, ఉన్నవి 41,600. సింథసిస్ ఎంతకీ ముగియదు, లేదా టూల్ చేతులెత్తేస్తుంది. వివాడో లాగ్‌లో `Trying to implement RAM ... in registers. Block RAM or DRAM implementation is not possible` అనే హెచ్చరిక కనిపిస్తే ఇలాంటిదేదో జరిగినట్టే. అక్కడ డీర్యామ్ అంటే కంప్యూటర్‌లో ఉండే డీర్యామ్ కాదు, ఎల్‌యూటీలతో కట్టిన మెమరీ. ఈ పొట్టిపేరు ఎవరు పెట్టారో గానీ, కొత్తవాళ్లని తికమక పెట్టడానికే అన్నట్టుంది.

నిజానికి ఫైఫోలో మెమరీని తుడవాల్సిన పనే లేదు. ఎక్కడ రాయాలి, ఎక్కడ చదవాలి అని చెప్పే రెండు పాయింటర్లని సున్నా చేస్తే చాలు. రెండూ ఒకేచోట ఉంటే ఫైఫో ఖాళీ అనే అర్థం. లోపల పాత డేటా ఏముందో ఎవరూ చూడరు.

సింథసిస్ అయ్యాక `report_utilization` లో బ్లాక్ ర్యామ్ వరసని చూడడం అలవాటు చేసుకోవాలి. బైటు వెడల్పున ఒక్కో బ్లాక్‌లో 4,096 గదులు ఉంటాయి కాబట్టి మన మెమరీకి 16 బ్లాక్‌లు రావాలి. అక్కడ సున్నా ఉండి ఎల్‌యూటీలు వేలల్లో కనబడితే, బోర్డు మీదికి వెళ్లకముందే తప్పు పట్టుకున్నట్టు.

రెండు క్లాక్‌ల మధ్య కబురు

మెమరీ సంగతి సరే. నిండిందా, ఖాళీ అయిందా అన్నది తేల్చాలంటే రాసే వైపుకి చదివే పాయింటర్ తెలియాలి, చదివే వైపుకి రాసే పాయింటర్ తెలియాలి. ఇవి 24, 60 మెగాహెర్ట్జ్ మీద నడిచే, ఒకదానితో ఒకటి పొత్తు లేని క్లాక్‌లు. పాయింటర్ 32,767 నుంచి 32,768 కి మారేటప్పుడు బైనరీలో 16 బిట్లు ఒకేసారి తిరగబడతాయి. తీగల్లో అన్నీ ఒకే క్షణంలో చేరవు. అవతలి క్లాక్ సరిగ్గా ఆ సందులో చూస్తే కొన్ని పాత బిట్లు, కొన్ని కొత్త బిట్లు కలిసిన ఎక్కడా లేని సంఖ్య కనబడుతుంది. ఖాళీ ఫైఫో నిండుగా, నిండు ఫైఫో ఖాళీగా అనిపిస్తుంది. సిమ్యులేషన్‌లో ఇది కనబడదు. బోర్డు మీద ఎప్పుడో ఒకసారి కనబడుతుంది.

దీనికి మందు గ్రే కోడ్. పక్కపక్క సంఖ్యల మధ్య ఒక్క బిట్టే మారేలా సంఖ్యల్ని రాసే పద్ధతి అది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్రాంక్ గ్రేకి 1953లో దీని మీద పేటెంట్ వచ్చింది. అప్పటి అవసరం వేరు, ఇప్పుడు ఫైఫోలకి ఇది ప్రాణం. ఒక్క బిట్టే మారుతుంది కాబట్టి సందులో చూసినా దొరికేది పాత సంఖ్య, లేదా కొత్తది. రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల మీదుగా దాటించాక అవతలివైపు వాడుకుంటారు. దాటేసరికి కబురు రెండు మూడు క్లాక్‌లు పాతబడుతుంది. అయినా నష్టం లేదు. రాసే వైపుకి పాత చదివే పాయింటర్ కనబడితే ఫైఫో ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ నిండినట్టు అనిపిస్తుందే తప్ప, లేని చోటు ఉన్నట్టు ఎప్పుడూ అనిపించదు. ఈ ఏర్పాటు మొత్తాన్ని క్లిఫ్ కమింగ్స్ 2002లో ఒక వ్యాసంలో పూసగుచ్చినట్టు వివరించాడు. ఇవాళ్టికీ ఈ రంగంలో కొత్తవాళ్ల చేత చదివించేది దాన్నే.

గ్రే కోడ్ చుట్టూ తిరిగి మొదటికొచ్చినప్పుడు కూడా ఒక్క బిట్టే మారాలంటే లోతు రెండు ఘాతాల్లో ఉండాలి: 32,768, 65,536, ఇలా. 40,000 కావాలంటే 65,536 తీసుకోక తప్పదు. నన్నడిగితే, మెమరీని ఒకసారి సొంతంగా రాసి చూడండి, ఈ పాయింటర్ల భాగాన్ని మాత్రం వివాడో ఇచ్చే `xpm_fifo_async` కే వదిలేయండి. అందులో తప్పు చేస్తే బయటపడడానికి నెలలు పట్టొచ్చు.

లోతు లెక్క

ఇక అసలు ప్రశ్న. మున్సిపాలిటీ నీళ్లు పొద్దున ఒక గంట వదులుతారని సంపు ఎంత పెద్దది కట్టించాలో ఇళ్లలో అందరూ ఆలోచించేదే. వచ్చే జోరు, వాడే జోరు, మధ్యలో ఆగే కాలం. ఇక్కడా అంతే, కాలం మైక్రోసెకన్లలోకి మారిందంతే.

యూఎస్‌బీ ఎప్పుడూ ఆగకుండా, మైక్రోసెకనుకి 20 బైట్లు చొప్పున నిదానంగా తీసుకుంటుందనుకుందాం. ఒక వరస వచ్చే 53.3 మైక్రోసెకన్లలో 1,280 బైట్లు చేరతాయి, 1,067 బయటికి పోతాయి. మిగిలేవి 213. తర్వాతి 12 మైక్రోసెకన్ల ఖాళీలో 240 పోగలవు. అంటే ప్రతి వరస చివరా ఫైఫో మళ్లీ ఖాళీ అవుతుంది. 256 లోతు చాలు.

ఇప్పుడు 20 బదులు 19 అనుకోండి. వరస చివర 267 మిగులుతాయి, ఖాళీలో 228 పోతాయి. దాదాపు 39 బైట్లు తర్వాతి వరసకి బాకీ పడతాయి. చిన్న బాకీయే, కానీ 480 వరసలు పేరుకుంటుంది. ఫ్రేమ్ అడుగుకి వచ్చేసరికి ఫైఫోలో 18,800 బైట్ల దాకా ఉంటాయి. తర్వాత వచ్చే 2 మిల్లీసెకన్ల విరామంలో 37,000 పోగలవు కాబట్టి బాకీ అంతా తీరిపోతుంది. అడిగిన వేగం 5 శాతం తగ్గితే కావలసిన లోతు 256 నుంచి 32,768 కి ఎగబాకింది. ఒక వరసని మాత్రమే చూసి లోతు తేల్చేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. బొమ్మ పైభాగం బాగుండి కింది భాగమే చెడుతుంటే ఈ రకం బాకీనే ముందు అనుమానించాలి.

ఇంకో మెట్టు దిగి 18 అనుకుందాం. మొదటి ఫ్రేమ్ చివర ఫైఫోలో 50,000 పైచిలుకు ఉంటాయి. విరామంలో 35,000 పోతాయి. 14,640 బైట్లు రెండో ఫ్రేమ్‌కి బాకీ. రెండో ఫ్రేమ్ అడుగున మట్టం 64,776. మన 65,536 లోతుకి ఇంకా తగల్లేదు. మూడో ఫ్రేమ్ కింది భాగంలో పొర్లిపోతుంది. ఎంత లోతు పెట్టినా ఇంకొన్ని ఫ్రేముల తర్వాత ఇదే జరుగుతుంది, ఎందుకంటే కెమెరా సగటున మైక్రోసెకనుకి 18.43 బైట్లు ఇస్తోంది, మనం 18 తీసుకుంటున్నాం. ఇక్కడ ఫైఫో పెంచడం వల్ల లోపం కాస్త ఆలస్యంగా బయటపడుతుంది, అంతే. కొద్దిసేపే సిమ్యులేట్ చేసి "పనిచేస్తోంది" అనుకున్నవాళ్లకి బోర్డు మీద పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

ఈ మూడూ వేగం స్థిరంగా ఉన్నప్పటి సంగతులు. అసలు యూఎస్‌బీ అలా ఉండదు. మైక్రోసెకనుకి 40 బైట్లు తీసుకుంటుంది, మధ్యలో పూర్తిగా ఆగుతుంది. ఒక కంప్యూటర్‌లో ఎక్కువలో ఎక్కువ 2 మిల్లీసెకన్లు ఆగుతుందని అనుకుందాం. ఆ విరామం కెమెరా నిలువు విరామంతో కలిసొస్తే ఏమీ కాదు, కానీ అదృష్టాన్ని లెక్కలో వేసుకోకూడదు. బొమ్మ నడిమధ్యన, సరిగ్గా ఒక వరస మొదట్లో ఆగిందనుకోవాలి. 2 మిల్లీసెకన్లలో 30 పూర్తి వరసలు, మరో 40 మైక్రోసెకన్ల ముక్క. 38,400కి 960 కలిపితే 39,360 బైట్లు. రెండు ఘాతాల్లో దాని పైమెట్టు 65,536. పైన కోడ్‌లో ఆ సంఖ్య ఎందుకుందో ఇప్పుడు తెలిసింది.

మిగిలిన 26,000 చిల్లర వృథా కాదు. ఒక విరామం ముగిశాక పేరుకున్న 39,360 ని తీర్చడానికి సమయం కావాలి. బొమ్మ వస్తున్నంతసేపు కెమెరా, ఖాళీలతో కలిపి, మైక్రోసెకనుకి 19.6 పోస్తూనే ఉంటుంది. 40లో అది పోగా 20.4 చొప్పున మట్టం దిగుతుంది. పూర్తిగా దిగడానికి 1.9 మిల్లీసెకన్లు పడుతుంది. అది పూర్తికాకముందే, ఒక మిల్లీసెకనుకే ఇంకో 2 మిల్లీసెకన్ల విరామం వస్తే? దాదాపు 19,000 ఇంకా లోపలే ఉన్నాయి, వాటి మీద ఇంకో 39,360. మట్టం 58,000 దాటుతుంది, అయినా పొర్లదు. అలాంటి మూడో విరామం వెంటనే వస్తే 77,000 కావాలి, పొర్లుతుంది. కాబట్టి ఎంతసేపు ఆగుతుందన్నదే కాదు, ఎంత త్వరగా మళ్లీ ఆగుతుందన్నది కూడా లెక్కలోకి రావాలి.

ఈ విరామాల కొలతలు పుస్తకాల్లో దొరకవు. కంప్యూటర్‌ని బట్టి, డ్రైవర్‌ని బట్టి, అదే సమయంలో నడిచే ఇతర ప్రోగ్రాములని బట్టి మారతాయి. అందుకే ఫైఫో పక్కన రెండు పంక్తులు రాసిపెట్టుకోవాలి. రాసే పాయింటర్‌లోంచి, దాటొచ్చిన చదివే పాయింటర్‌ని తీసేస్తే మట్టం వస్తుంది:

```verilog
if (level > peak) peak <= level;
if (we && full)   lost <= 1'b1;
```

`peak` అనేది నీటిమట్టం ఎంతవరకు వెళ్లిందో గుర్తుపెట్టుకుంటుంది. `lost` ఒకసారి 1 అయితే రీసెట్ దాకా అలాగే ఉంటుంది, ఒక ఎల్ఈడీకి కలిపితే చాలు. గంటసేపు నడిపి, పక్కనే పెద్ద ఫైలు కాపీ పెట్టి, బ్రౌజర్ తెరిచి మూసి, అప్పుడు `peak` చదవాలి. అది 40,000 దగ్గర ఉంటే 65,536 సరిపోయినట్టు. 64,000 చూపిస్తే ఇంకా పొర్లకపోయినా నిశ్చింతగా ఉండే రోజు కాదు.

ఎల్ఈడీ వెలగకుండానే పోయిన బైటు

`lost` వెలగలేదు, అయినా రంగులు తిరగబడుతున్నాయి. అప్పుడు తప్పు ఫైఫో లోతులో కాదు, చదివే వైపు ఉంది. బ్లాక్ ర్యామ్ అడిగిన క్లాక్‌కి కాకుండా తర్వాతి క్లాక్‌కి డేటా ఇస్తుందని చెప్పుకున్నాం. `TXE#` కిందికి ఉందని చూసి ఒక బైటు అడిగాం. పాయింటర్ ముందుకి జరిగింది. బైటు బయటికొచ్చిన క్లాక్‌లోనే `TXE#` పైకి లేచింది. యూఎస్‌బీ చిప్పు ఆ బైటుని తీసుకోలేదు, ఫైఫోలో చూస్తే అది అప్పటికే వెళ్లిపోయినట్టు లెక్క. కోడ్ మళ్లీ మొదలయ్యేటప్పుడు తర్వాతి బైటు అడిగితే ఇది గాల్లో కలిసినట్టే. ఫైఫో దృష్టిలో ఏ తప్పూ జరగలేదు, అందుకే ఏ ఎల్ఈడీ వెలగదు.

దీన్ని నిర్ధారించుకోవడానికి కెమెరాని పక్కన పెట్టి, అదే తాళంలో ఒకటొకటిగా పెరిగే లెక్కని ఫైఫోలోకి పంపించాలి. ఆ లెక్క 16 బిట్లది అయితే మంచిది, ఎందుకంటే 8 బిట్లది 255 తర్వాత మళ్లీ సున్నాకి వస్తుంది, సరిగ్గా 256 బైట్లు పోతే తేడాయే కనబడదు. కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రామ్ పెట్టి ఎక్కడ వరస తప్పిందో చూడాలి. ఫైఫో పొర్లితే సాధారణంగా బైట్లు గుంపుగా పోతాయి. ఈ చదివే తప్పులో కచ్చితంగా ఒక్కటే పోతుంది, అదీ `TXE#` లేచిన చోటే.

మందు కూడా పెద్దదేం కాదు. తీసుకోని బైటుని పారేయకుండా ఒక రిజిస్టర్‌లో పట్టి ఉంచి, యూఎస్‌బీ మళ్లీ ఒప్పుకున్నప్పుడు దాన్నే ముందు ఇవ్వాలి. `xpm_fifo_async` వాడుతుంటే `READ_MODE` ని `"fwft"` అని పెడితే ఆ పని అదే చూసుకుంటుంది. మొదటి బైటు అడక్కుండానే ద్వారం దగ్గర సిద్ధంగా ఉంటుంది, తీసుకున్నారని చెబితేనే పాయింటర్ కదులుతుంది.

పొర్లక తప్పనప్పుడు

ఎంత లెక్క కట్టినా ఎప్పుడో ఒకసారి కంప్యూటర్ 10 మిల్లీసెకన్లు ఆగొచ్చు. అప్పుడు దాదాపు 1,96,000 బైట్ల చోటు కావాలి. పైమెట్టు 2,62,144, దానికి 64 బ్లాక్‌లు. ఉన్నవి 50. కాబట్టి పొర్లినప్పుడు ఎలా ప్రవర్తించాలో కూడా ముందే రాసిపెట్టాలి. అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, చోటు దొరికినప్పుడల్లా దొరికిన బైటు రాసుకుపోవడం. దానివల్లే సగం రంగుల బొమ్మలు వస్తాయి. పొర్లగానే రాయడం ఆపేసి, తర్వాతి `VSYNC` దాకా ఏమీ రాయకుండా ఉండడం మేలు. ఒక ఫ్రేమ్ పొట్టిగా వస్తుంది, కంప్యూటర్ దాన్ని పారేస్తుంది, తర్వాతిది శుభ్రంగా వస్తుంది.

అందుకు ఫ్రేమ్ ఎక్కడ మొదలైందో ఫైఫో లోపల గుర్తు ఉండాలి. ఆ గుర్తుకి చోటు దాదాపు ఉచితం. బ్లాక్ ర్యామ్ గదులు ఎనిమిది బిట్లవి కావు, తొమ్మిదివి. పారిటీ కోసమని పెట్టిన ఆ తొమ్మిదో బిట్టుని ఎవరూ వాడకపోతే ఖాళీగానే పడి ఉంటుంది. `reg [8:0]` అని రాసి ఫ్రేమ్ మొదటి బైటుకి తొమ్మిదో బిట్టు 1 పెడితే, చదివే వైపు దాన్ని చూసి కంప్యూటర్‌కి ఒక హెడర్ పంపగలదు. టూల్ మెమరీని బిట్ల వారీగా పేర్చి 16 బదులు 18 బ్లాక్‌లు వాడొచ్చు, రిపోర్టులో చూసుకోవాలి.

ఫ్రేములు తరచుగా పోతుంటే లోతుని 1,31,072 కి పెంచొచ్చు. 32 బ్లాక్‌లు పడతాయి, భరించగల విరామం 3.3 నుంచి 6.7 మిల్లీసెకన్లకి పెరుగుతుంది. ఆపైన ఈ చిప్పులో మెట్టు లేదు, బయట డీడీఆర్ మెమరీ ఉన్న బోర్డు చూసుకోవాలి. దాని కంట్రోలర్‌తో కుస్తీ పట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవడం మంచిది: సెకనుకి 30 ఫ్రేములు నిజంగా కావాలా? కెమెరాలోని `CLKRC` రిజిస్టర్ (అడ్రస్ `0x11`) క్లాక్‌ని రెండుతో భాగించేలా పెడితే 15 ఫ్రేములు వస్తాయి, బైట్ల జోరు సగమవుతుంది. ఫైఫోలో ఒక్క బిట్టు మార్చకుండానే, అవే 16 బ్లాక్‌లు అదే 6.7 మిల్లీసెకన్ల విరామాన్ని తట్టుకుంటాయి.